ఆ సున్నా ఎక్కడిది? నెగెటివ్ మార్కుల పేపర్ దిద్దేటప్పుడు లెక్క తప్పే చోట్లు

పన్నెండు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి ఉందనుకుందాం. ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత, వదిలేస్తే ఏమీ లేదు. ఒకే అభ్యర్థి జవాబుపత్రాన్ని ముగ్గురు విడివిడిగా దిద్దారు. ఒకరికి 11.32 వచ్చింది, ఇంకొకరికి 11.36, మూడో వారికి 11.33. ఏ జవాబు ఒప్పు, ఏది తప్పు అన్నది ముగ్గురూ ఒకేలా గుర్తించారు. కూడికలో పొరపాటు లేదు. అయినా మొత్తం మూడు రకాలుగా తేలింది.

తిరకాసంతా ఆ మూడో వంతు దగ్గరే ఉంది. 2 లో మూడో వంతు అంటే 0.6666 అంటూ అంతం లేకుండా సాగే దశాంశం. మొదటివారు దాన్ని సవరించి 0.67 అనుకున్నారు. రెండోవారు రెండు అంకెల తర్వాత తెంచేసి 0.66 తీసుకున్నారు. మూడోవారు 2/3 గానే చివరిదాకా ఉంచి, మొత్తం తేలాక ఒక్కసారి దశాంశంలోకి మార్చారు. ఈ ముగ్గురిలో మూడోవారిదే సరైన లెక్క. మిగతా రెండూ "దాదాపు సరైనవే" అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఎందుకో చూద్దాం.

నూరు ప్రశ్నల పేపర్, అవే మార్కులు. మొదటి అభ్యర్థికి 60 ఒప్పులు, 30 తప్పులు. 120 లోంచి 20 పోతే 100. రెండో అభ్యర్థికి 57 ఒప్పులు, 21 తప్పులు. 114 లోంచి 14 పోతే 100. ఇద్దరూ సమానం. ఇప్పుడు కోతను 0.66 గా తీసుకుంటే మొదటి అభ్యర్థికి 100.20, రెండో అభ్యర్థికి 100.14 వస్తాయి, మొదటి అభ్యర్థి పైకి వెళ్తారు. 0.67 గా తీసుకుంటే మొదటి అభ్యర్థికి 99.90, రెండో అభ్యర్థికి 99.93. ఈసారి రెండో అభ్యర్థి పైకి వస్తారు. నిజానికి సమానమైన ఇద్దరిలో ఎవరు ముందుంటారో వాళ్లు రాసిన జవాబులు తేల్చలేదు, దిద్దేవారు దశాంశాన్ని ఎక్కడ తెంచారన్నది తేల్చింది. ర్యాంకు ఇచ్చే పరీక్షలో ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఈ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోవడానికి ఒక కారణం ఉంది. కోత పావు మార్కో అర మార్కో అయితే సమస్యే రాదు. 0.25, 0.5 రెండు దశాంశాల్లో పూర్తిగా ఇమిడిపోతాయి, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యా పద్ధతిలోనూ కచ్చితంగా ఇమిడిపోతాయి. పావు మార్కు కోత ఉన్న పరీక్షల మీద ఏళ్ల తరబడి బాగా పనిచేసిన ప్రోగ్రాం, మూడో వంతు కోత ఉన్న మొదటి పరీక్షలోనే తడబడుతుంది. పైగా కంప్యూటర్‌లో మామూలు దశాంశ సంఖ్యలతో కూడితే ఇంకో చిక్కు కూడా ఉంటుంది. `0.1 + 0.2` అని అడిగితే చాలా ప్రోగ్రామింగ్ భాషలు `0.30000000000000004` అని చెబుతాయి. అలాంటి సంఖ్యలతో "ఇద్దరి మార్కులు సమానమా" అని పోల్చితే, నిజంగా సమానమైనవి కూడా సమానం కాదని జవాబు రావచ్చు.

దీనికి మందు చాలా సులువు. మార్కును కాకుండా మార్కులో మూడో వంతును ఒక యూనిట్‌గా తీసుకోవాలి. అప్పుడు ఒప్పుకు +6, తప్పుకు −2, ఖాళీకి 0. అన్నీ పూర్ణాంకాలే. మొత్తం కూడాక, అచ్చు వేసే ముందు మాత్రం 3 తో భాగిస్తే చాలు. పోలికలు, ర్యాంకులు ఆ పూర్ణాంకాల మీదే జరగాలి. భాగించి, సవరించి చూపించే సంఖ్య చదవడానికే గానీ లెక్కకు కాదు.

అసలు మూడో వంతే ఎందుకు అన్న ప్రశ్నకు ఇక్కడ క్లుప్తంగా జవాబు చెప్పుకోవాలి. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి ఎంచుకుంటే, సగటున నాలుగుసార్లలో ఒకసారి తగులుతుంది, మూడుసార్లు తప్పుతుంది. తగిలినప్పుడు వచ్చే 2 మార్కులు, తప్పిన మూడుసార్లలో పోయే 2/3 చొప్పున 2 మార్కులు చెల్లుకు చెల్లు. అంటే గుడ్డిగా పెట్టినదానికి సగటు లాభం సున్నా. అదే సూత్రం ప్రకారం ఐదు ఆప్షన్లు ఉంటే కోత నాలుగో వంతు కావాలి. అమెరికాలోని శాట్ పరీక్ష ఐదు ఆప్షన్లకు పావు మార్కు కోతతో చాలాకాలం నడిచింది. 2016 లో నాలుగు ఆప్షన్లకు మారినప్పుడు కోతనే ఎత్తేశారు. ఆప్షన్లు నాలుగు, ఒప్పుకు 4, తప్పుకు 1 కోత ఉన్న పరీక్షలో గుడ్డిగా పెట్టినా సగటున ఒక్కో ప్రశ్నకు పావు మార్కు లాభమే. దిద్దేవారు ఈ నిష్పత్తిని నిర్ణయించరు, నిజమే. కానీ ప్రశ్నకు ఎన్ని ఆప్షన్లు, ఎంత కోత అన్నవి ఒక్కో విభాగానికి వేరుగా ఉండవచ్చని మాత్రం గుర్తుంచుకోవాలి. పాత శాట్‌లోనే, ఆప్షన్లు లేకుండా అభ్యర్థి స్వయంగా సంఖ్య రాయాల్సిన గణితం ప్రశ్నలకు కోత లేదు. కాబట్టి కోత విలువ ప్రోగ్రాంలో ఒకేచోట పాతుకుపోకుండా, ప్రతి ప్రశ్న పక్కనా రాసి ఉండాలి.

సున్నాలన్నీ ఒకటి కావు

మార్కుల లెక్క కంటే ఎక్కువ గొడవలు తెచ్చేది మరొకటి ఉంది. ఒక ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఒక విషయం, ఎందుకు వచ్చాయన్నది ఇంకో విషయం. పట్టికలో "8వ ప్రశ్న: 0" అని మాత్రమే ఉంటే అభ్యర్థికి ఏమీ అర్థం కాదు. వదిలేశారా? బబుల్ దిద్దినా స్కానర్ పట్టుకోలేదా? రెండు బబుల్స్ దిద్దితే చెల్లలేదా? ప్రశ్నే రద్దయిందా? ఈ నాలుగింటికీ సున్నా పడే పరీక్షలు ఉన్నాయి. కానీ అభ్యంతరం చెప్పుకోవాల్సిన అవసరం ఒక్కో సందర్భంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ప్రతి ప్రశ్నకూ మార్కుతో పాటు స్థితి కూడా నమోదు చేయాలి. స్థితి ముందు తేలాలి, మార్కు దాన్నిబట్టి రావాలి.

పైథాన్‌లో రాస్తే ఆ పని ఇంతే:

```python
from fractions import Fraction as F

def mark(resp, key, full=F(2), cut=F(2, 3)):
    if key == "X":
        return "CANCELLED", full
    if resp == "":
        return "BLANK", F(0)
    if len(resp) > 1:
        return "MULTIPLE", -cut
    if resp in key:
        return "CORRECT", full
    return "WRONG", -cut
```

ఇక్కడ `Fraction` అన్నది భిన్నాలను కచ్చితంగా పట్టి ఉంచే సాధనం, యూనిట్ల లెక్క చేసే పనే ఇదీ చేస్తుంది. రెండు ఆప్షన్లు సరైనవని తేలిన ప్రశ్నకు కీ `"AC"` అని ఉంటుంది, రద్దయిన ప్రశ్నకు `"X"`. రద్దయితే అందరికీ పూర్తి మార్కులు, రెండు బబుల్స్ దిద్దితే తప్పు కింద లెక్క అన్నవి ఈ పరీక్ష నిబంధనలు. మరో పరీక్షలో అవి వేరుగా ఉండొచ్చు.

చూడటానికి సాదాసీదాగా ఉన్న ఈ పది లైన్లలో ప్రాణమంతా వరుసలో ఉంది. పైథాన్‌లో `"" in "AC"` అని అడిగితే `True` అంటుంది. ఏ అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్ ప్రతి స్ట్రింగ్‌లోనూ ఉన్నట్టే లెక్క. కాబట్టి ఖాళీని ముందే పట్టుకోకుండా `resp in key` అనే పరీక్షను పైకి జరిపితే, ఏమీ దిద్దని ప్రతి ప్రశ్నకూ 2 మార్కులు పడిపోతాయి. అలాగే `"AC" in "AC"` కూడా `True` యే. రెండు బబుల్స్ దిద్దిన అభ్యర్థికి, కీలోనూ సరిగ్గా ఆ రెండే ఉంటే, ఒప్పు కింద మార్కులు వచ్చేస్తాయి. ఈ రెండో తప్పు మరీ ప్రమాదం, ఎందుకంటే రెండు జవాబుల ప్రశ్న పేపర్‌లో ఏ ఒక్కటో ఉంటుంది, ఆ ప్రశ్నకు ఆ రెండూ దిద్దినవాళ్లు ఏ కొందరో ఉంటారు. పరీక్షించేటప్పుడు ఎదురే కాదు.

స్ప్రెడ్‌షీట్‌లో దిద్దేవాళ్లకు దీనికి తిరగబడిన తప్పు ఎదురవుతుంది. `=IF(B2=C2,2,-2/3)` అని రాసుకుంటే, కీతో సరిపోనిదంతా తప్పే. ఖాళీ గడి కీతో సరిపోదు కాబట్టి వదిలేసిన ప్రశ్నకు కూడా కోత పడుతుంది. అభ్యర్థి ధైర్యం చేయకుండా వదిలేసిన ఇరవై ప్రశ్నలకు పదమూడు మార్కులకు పైగా పోతాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక్క సంఖ్య చూస్తే చాలు: ఖాళీల సంఖ్య. ఒప్పులు, తప్పులు, రెండేసి దిద్దినవి, ఖాళీలు, రద్దులు విడిగా లెక్కపెట్టి కూడితే ప్రశ్నల మొత్తం సంఖ్య రావాలి. వందలాది జవాబుపత్రాల్లో ఒక్కదాంట్లో కూడా ఖాళీ లేదని తేలితే, ఖాళీలన్నీ తప్పుల్లో కలిసిపోయాయని అనుమానించాల్సిందే.

ఆ కూడికకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. జవాబులనూ కీనీ పక్కపక్కన పెట్టి నడపడానికి పైథాన్‌లో `zip` వాడతారు. ఒక జాబితా పొట్టిదైతే అది అక్కడితో నిశ్శబ్దంగా ఆగిపోతుంది. ఏదో కారణంగా స్కానర్ ఫైల్లో చివరి ప్రశ్న ఖాళీగా ఉండి ఆ గడే రాకపోతే, పన్నెండుకు బదులు పదకొండు ప్రశ్నలే దిద్దబడతాయి. ఖాళీకి ఎలాగూ సున్నానే కదా అనిపించొచ్చు. అయితే ఆ చివరి ప్రశ్న రద్దయినదైతే అభ్యర్థికి రావాల్సిన 2 మార్కులు మాయమవుతాయి. `zip(..., strict=True)` అని రాస్తే పొడవులు సరిపోనప్పుడు ప్రోగ్రాం ఆగి అరుస్తుంది. ఈ సౌకర్యం పైథాన్ 3.10 నుంచి ఉంది. దిద్దే ప్రోగ్రాం ఆగిపోవడం నష్టం కాదు, తప్పు మార్కు ఇచ్చి ముందుకు పోవడమే నష్టం.

ఒక జవాబుపత్రం, మొదటి నుంచి చివరిదాకా

మొదట చెప్పుకున్న పన్నెండు ప్రశ్నల పత్రాన్నే తీసుకుందాం. తుది కీ ప్రకారం 9వ ప్రశ్నకు ఎ, సి రెండూ సరైనవే, 10వ ప్రశ్న రద్దయింది. అభ్యర్థి 4వ ప్రశ్న వదిలేశారు, 8వ ప్రశ్నకు ఎ, బి రెండూ దిద్దారు. తిరిగి ఇవ్వాల్సిన పట్టిక ఇలా ఉంటుంది:

```
Q   Resp  Key  Status     Marks
1   B     B    CORRECT    +2
2   D     D    CORRECT    +2
3   C     A    WRONG      -2/3
4   -     C    BLANK       0
5   B     B    CORRECT    +2
6   D     A    WRONG      -2/3
7   C     C    CORRECT    +2
8   AB    D    MULTIPLE   -2/3
9   C     AC   CORRECT    +2
10  B     X    CANCELLED  +2
11  D     D    CORRECT    +2
12  A     B    WRONG      -2/3
Total 34/3 = 11.33 / 24
```

ఒప్పులు ఆరు, వాటికి 12. రద్దయిన ప్రశ్నకు 2. కలిపి 14. తప్పులు మూడు, రెండేసి దిద్దినది ఒకటి, వెరసి నాలుగు కోతలు, నాలుగు 2/3 లు అంటే 8/3. పద్నాలుగులోంచి 8/3 తీసేస్తే 34/3, దశాంశంలో 11.33. అభ్యర్థి కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుసా కూడుకుంటూ వస్తే అదే రావాలి.

అందుకే మార్కుల గడిలో −0.67 అని కాకుండా −2/3 అని రాయడం మేలు. చాలా పట్టికల్లో జరిగేదేమిటంటే, లోపల లెక్క కచ్చితంగానే ఉంటుంది, గడి మాత్రం రెండు దశాంశాలకు కుదించి −0.67 చూపిస్తుంది. అభ్యర్థి కనిపించే సంఖ్యల్ని కూడితే 11.32 వస్తుంది, కింద మాత్రం 11.33 అని ఉంటుంది. లెక్క సరిగ్గా ఉన్నా తప్పులా కనిపిస్తుంది, అనుమానం మొదలవుతుంది, ఫిర్యాదు వస్తుంది. ఎవరి తప్పూ లేని చోట ఇద్దరి సమయం పోతుంది. భిన్నం రాయడం కుదరకపోతే, కింద "7 × 2 − 4 × 2/3" అని విడమరిచి ఒక్క వరుస వేసినా సరిపోతుంది.

పట్టికలో ప్రశ్న సంఖ్య విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. కాపీ జరగకుండా ప్రశ్నల వరుస మార్చి నాలుగు సెట్లు వేసే పరీక్షల్లో, దిద్దేవారి దగ్గర మూల వరుస ఒకటి ఉంటుంది, అభ్యర్థి చేతిలో వేరే వరుస ఉంటుంది. పట్టిక అభ్యర్థి చేతిలోని పేపర్ వరుసలోనే ఉండాలి. ఆప్షన్ల వరుస కూడా మార్చిన సెట్లయితే అక్షరాలకూ అదే వర్తిస్తుంది: మూల పేపర్‌లోని డి ఈ సెట్‌లో బి అయితే, పట్టికలో బి అనే కనిపించాలి. లేకపోతే అభ్యర్థి తన పేపర్ తీసి సరిచూసుకుంటే ప్రతి వరుసా తప్పుగానే కనిపిస్తుంది.

కీ మారిన రోజు

దిద్దే పనిలో అసలు పరీక్ష తుది కీ వచ్చినప్పుడే. మన పత్రానికి ప్రాథమిక కీలో 9వ ప్రశ్నకు ఎ ఒక్కటే సరైన జవాబు, 10వ ప్రశ్నకు డి. ఆ కీ ప్రకారం అభ్యర్థికి ఐదు ఒప్పులు, ఆరు కోతలు, ఒక ఖాళీ: 10 లోంచి 4 పోగా 6 మార్కులు. అభ్యంతరాల తర్వాత 9వ ప్రశ్నకు సి కూడా సరైనదేనని ఒప్పుకున్నారు, 10వ ప్రశ్న తప్పుగా ఉందని రద్దు చేశారు. తుది మార్కులు 11.33. తేడా 5.33. రెండు ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు, అయినా తేడా 4 దాటింది. కారణం తేలికే: తప్పు ఒప్పుగా మారినప్పుడు 2 రావడమే కాదు, పోయిన 2/3 కూడా వెనక్కి వస్తుంది. అంటే ఒక్కో ప్రశ్నకు 8/3.

ఇక్కడే చాలామంది అడ్డదారి తొక్కుతారు. "10వ ప్రశ్న రద్దయింది కదా, అందరి మొత్తానికీ 2 కలిపేస్తే సరి" అనుకుంటారు. దానితో ముందు తప్పు రాసినవాళ్లకు కోత అలాగే మిగిలిపోతుంది, డి అని ఒప్పు రాసినవాళ్లకు ఒకే ప్రశ్నకు 4 మార్కులు పడతాయి. వదిలేసినవాళ్లకు మాత్రమే లెక్క సరిపోతుంది. పాత మొత్తం మీద అతుకులు వేయకూడదు. అభ్యర్థి దిద్దిన జవాబులు మొదట స్కాన్ అయినట్టే భద్రంగా ఉండాలి, కీ మారినప్పుడల్లా వాటి మీద కొత్త కీతో మొదటి నుంచి దిద్దాలి. ఏ మార్కుల పట్టిక ఏ కీతో తయారైందో పట్టిక మీదే రాసి ఉండాలి. పాత పట్టికనూ పక్కన పెట్టుకుంటే, ఏ వరుస ఎందుకు మారిందో అడిగినవాళ్లకు చూపించొచ్చు.

రద్దయిన ప్రశ్నను ఏం చేయాలన్నది పూర్తిగా నిబంధనల విషయం, అయినా దాని ఫలితం తెలిసి ఉండాలి. అందరికీ 2 ఇస్తే మన అభ్యర్థికి 24 కు 11.33, అంటే 47.22 శాతం. ప్రశ్నను లెక్కలోంచే తీసేసి పేపర్‌ను 22 మార్కులకు కుదిస్తే 9.33, అంటే 42.42 శాతం. కనీస అర్హత 45 శాతం అని ఉంటే మొదటి పద్ధతిలో అర్హత వస్తుంది, రెండో పద్ధతిలో రాదు. అందరికీ మార్కులు ఇవ్వడం ఉదారంగా కనిపిస్తుంది గానీ, తక్కువ మార్కులవాళ్ల శాతాన్నే అది ఎక్కువగా పైకి లేపుతుంది. పూర్తి మార్కులు వచ్చినవారికి రెండు పద్ధతుల్లోనూ 100 శాతమే. ప్రయత్నించినవాళ్లకే మార్కులు ఇచ్చే మూడో పద్ధతి కూడా ఉంది, దానికైతే రద్దయిన ప్రశ్నలోనూ ఖాళీని వేరుగా గుర్తించాలి. ఏ పద్ధతైనా సరే, అది పరీక్షకు ముందే రాసి ఉండాలి. మార్కులు చూశాక ఎంచుకున్న పద్ధతిని ఎవరూ నమ్మరు.

మొత్తం సున్నాకంటే కిందికి పోయినప్పుడు ఏం చేయాలన్నది కూడా ఇలాంటిదే. మైనస్ మార్కును సున్నాగా చూపమని నిబంధన ఉంటే, ఆ పని విభాగం స్థాయిలోనా, మొత్తం స్థాయిలోనా అని అడిగి తెలుసుకోవాలి. ఒక విభాగంలో −2, ఇంకోదాంట్లో 10 వస్తే, మొత్తం దగ్గర చూస్తే 8, విభాగం దగ్గర చూస్తే 10. అసలు సంఖ్యనూ, సవరించిన సంఖ్యనూ రెండూ పట్టికలో ఉంచాలి.

సెట్ కోడ్ తప్పు దిద్దినప్పుడు

అభ్యర్థి తన సెట్ కోడ్ బబుల్ తప్పు దిద్దితే, పత్రం మొత్తం వేరే కీతో దిద్దబడుతుంది. దాని ఆనవాలు స్పష్టంగా ఉంటుంది: నాలుగు ఆప్షన్ల పేపర్‌లో ప్రయత్నించినవాటిలో దాదాపు పావు వంతే ఒప్పవుతాయి, కళ్లు మూసుకుని పెట్టినట్టు. మూడో వంతు కోత ఉంటే మొత్తం సున్నా చుట్టూ తిరుగుతుంది. నిజంగా ఏమీ చదవని అభ్యర్థికీ అదే వస్తుంది కాబట్టి, మొత్తాన్ని చూసి ఏదీ తేల్చలేం. అదే పత్రాన్ని నాలుగు కీలతోనూ దిద్ది చూస్తే తేడా తెలుస్తుంది. మూడు కీలతో పావు వంతు దగ్గర ఉండి, ఒక్కదానితో డెబ్బై శాతం ఒప్పులు వస్తే సెట్ తప్పు దిద్దారన్నది దాదాపు ఖాయం. అయినా ప్రోగ్రాం తనంతట తాను కీ మార్చేయకూడదు. ఆ పత్రాన్ని పక్కన పెట్టి, ఆ హాల్లో ఏ సీటుకు ఏ సెట్ ఇచ్చారో రికార్డు చూసి మనుషులే నిర్ణయించాలి. కొన్ని పరీక్షలు సెట్ కోడ్ తప్పయితే పత్రమే చెల్లదంటాయి, అది వేరే సంగతి. కానీ ఏం జరిగిందో తెలిసి చెల్లదనడం, తెలియకుండా సున్నా వేయడం ఒకటి కాదు.

ఒక బబుల్ వదిలి కిందికి జారి దిద్దుకుంటూ పోయిన పత్రం కూడా ఇలాగే కనిపిస్తుంది, అయితే అది ఒక ప్రశ్న దగ్గర మొదలవుతుంది. అంతవరకూ ఒప్పులు బాగా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా పావు వంతుకు పడిపోతాయి. దీన్ని దిద్దేవారు సరిచేయడానికి లేదు. అభ్యర్థి దిద్దిందే జవాబు. కానీ ప్రశ్నల వారీ పట్టిక చేతికి వచ్చిన అభ్యర్థికి ఆ చోటు వెంటనే కనిపిస్తుంది. మొత్తం ఒక్కటే ఇస్తే, ఎంత చదివినా ఇంతేనా అని కుమిలిపోవడం తప్ప కారణం తెలిసే దారే లేదు.

అసలు పత్రాల్ని ముట్టుకునే ముందు

నిజమైన జవాబుపత్రాలు దిద్దే ముందు నాలుగు దొంగ పత్రాలు తయారుచేసి నడపాలి. వాటి మార్కులు ముందే చేత్తో లెక్కకట్టి ఉండాలి. మన తుది కీతో చూద్దాం. అన్నీ ఒప్పులున్న పత్రానికి 24 రావాలి. రద్దయిన ప్రశ్న తప్ప మిగతా పదకొండూ తప్పు రాసిన పత్రానికి 2 లోంచి 22/3 పోయి −16/3, అంటే −5.33 రావాలి. అక్కడ సున్నా కనిపిస్తే, మైనస్ మార్కును ఎవరూ అడగకుండానే ఎవరో సున్నా చేశారన్నమాట.

ఏమీ దిద్దని తెల్లకాగితానికి ఎంత రావాలి? సున్నా అని చటుక్కున చెప్పేస్తారు చాలామంది. ఈ కీతో 2 రావాలి, ఎందుకంటే రద్దయిన ప్రశ్న మార్కులు అందరికీ ఇవ్వాలన్నది నిబంధన. 0 వస్తే ప్రోగ్రాంలో ఖాళీని చూసే లైను, రద్దును చూసే లైనుకు ముందు నడుస్తోందన్నమాట. 24 వస్తే పైన చెప్పుకున్న ఖాళీ స్ట్రింగ్ తప్పు దూరిందన్నమాట. −16/3 వస్తే ఖాళీకీ కోత పడుతోందన్నమాట. ఒక్క తెల్లకాగితం మూడు తప్పుల్ని మూడు వేర్వేరు సంఖ్యలతో పట్టిస్తుంది.

నాలుగోది, పన్నెండు ప్రశ్నలకూ ఎ అనే దిద్దిన పత్రం. కీలో ఎ ఉన్నవి 3, 6, 9. వాటికి 6 మార్కులు, రద్దయినదానికి 2, మిగతా ఎనిమిదికి 16/3 కోత. 8 లోంచి 16/3 పోతే 8/3, దశాంశంలో 2.67. ఇదే పత్రాన్ని బి, సి, డి లతో కూడా చేసి, ఒప్పులు వచ్చిన ప్రశ్నల సంఖ్యల్ని కీ పక్కన పెట్టి చూస్తే, ప్రోగ్రాం నిజంగా ఏ కీ వాడుతోందో వరుసగా బయటపడుతుంది. ఒక వరుస జారిన కీ, వేరే సెట్‌కు అతికిన కీ, 9వ ప్రశ్నకు ఇంకా ఎ ఒక్కటే ఉంచిన పాత కీ, మూడూ ఇక్కడే దొరికిపోతాయి. తుది కీ అయితే సి పత్రంలో 4, 7, 9 ఒప్పులు కావాలి. 9 కనిపించకపోతే పాత కీ ఇంకా అక్కడే ఉంది.